పెరటి కోళ్లకు తెగులు పట్టిందని ఎలా తెలుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెరట్లో ఇరవై దాకా కోళ్లు తిరుగుతుంటాయి. కొన్ని నాటువి, కొన్ని వనరాజ, గ్రామప్రియ. ఇరుగుపొరుగు వాళ్లు, కొత్తగా నాలుగు పెట్టలు తెచ్చుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలివి. ఫారం కోళ్ల సంగతి వేరు, ఇక్కడ చెప్పేది ఐదు నుంచి ముప్పై కోళ్లున్న ఇళ్లకు.

## కోడికి ఒంట్లో బాగాలేదని మొదట ఎక్కడ తెలుస్తుంది?

తెల్లవారి గూడు తలుపు తీసేటప్పుడు. కోడి తన జబ్బును వీలైనంత దాచుకుంటుంది, నీరసంగా కనిపిస్తే మిగతావి పొడుస్తాయి కాబట్టి. మధ్యాహ్నం చెట్టు కింద ముడుచుకుని కునుకుతూ కనిపించిందంటే, అది నలతపడి అప్పటికే ఒకటి రెండు రోజులై ఉంటుంది.

తలుపు తీయగానే ఏది ఎగిరి దూకింది, ఏది చివర్లో దిగింది చూడండి. గుప్పెడు నూకలు చల్లండి. పరుగెత్తుకుని వచ్చి కూడా ముక్కు పెట్టకుండా నిలబడిపోయే కోడి మీద ఆ రోజంతా ఒక కన్నేసి ఉంచాలి. తోక వాలిందా, రెక్కలు జారాయా, తురాయి ఎరుపు తగ్గి పాలిపోయిందా లేక నీలంగా మారిందా చూడండి.

సాయంత్రం ఇంకో పరీక్ష ఉంది. గూట్లోకి వెళ్లే వేళకు కోడి మెడ కింద, రొమ్ముకు కుడివైపు మేత తిత్తిని వేళ్లతో తడమండి. పగలంతా తిన్న కోడికి అక్కడ చిన్న నిమ్మకాయంత గట్టిగా తగులుతుంది. ఖాళీగా ఉంటే ఆ రోజు ఏమీ తినలేదన్నమాట. పొద్దునకల్లా అది ఖాళీ అయిపోవాలి. పొద్దున కూడా నిండుగా, మెత్తగా ఉండి నోట్లోంచి పులిసిన వాసన వస్తుంటే తిత్తి దగ్గరే ఏదో ఇబ్బంది ఉంది.

## రెట్ట చూసి జబ్బు చెప్పొచ్చా?

చాలావరకు చెప్పొచ్చు, కానీ ముందు మామూలు రెట్ట ఎలా ఉంటుందో తెలియాలి. గోధుమ రంగులో కాస్త గట్టిగా ఉండి, పైన తెల్లటి సున్నం టోపీలా ఉంటే అది ఆరోగ్యం. రోజుకు ఒకటి రెండుసార్లు ముదురు చాక్లెట్ రంగులో, జిగటగా, ముక్కు మూసుకునేంత కంపుతో ఇంకో రకం వేస్తుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి కంగారుపడి ఫోన్ చేస్తుంటారు. పేగు చివర ఉండే సంచుల్లోంచి వచ్చే రెట్ట అది, జబ్బు కాదు. ఎండాకాలంలో నీళ్లు ఎక్కువ తాగి పలుచగా వేయడం కూడా మామూలే. పొదిగే పెట్ట రోజంతా ఆపుకుని ఒక్కసారే పెద్ద ముద్ద వేస్తుంది, దాని కంపు గురించి చెప్పకపోవడమే మంచిది.

ఆకుపచ్చ నీళ్ల రెట్ట మాత్రం అనుమానించాల్సిందే. అయితే ఆకుపచ్చ అనగానే మందలనే తుడిచిపెట్టే వైరస్ జబ్బు కొక్కెర తెగులే అని తేల్చేయకండి. కోడి తిండి మానేస్తే పేగులో మేత లేక పైత్యరసం ఒక్కటే దిగుతుంది, ఆ రంగే అది. కాబట్టి ఆకుపచ్చ రెట్ట చెప్పేది ‘ఈ కోడి తినడం లేదు’ అని. ఎందుకు తినడం లేదన్నది మిగతా లక్షణాలు చూసి తేల్చుకోవాలి. కోడిపిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే అది వేరే కథ, కింద చెప్తాను.

## నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ఎండకా, జబ్బుకా?

ఎండకైతే ఒక్క కోడే రొప్పదు. మధ్యాహ్నం మంద మొత్తం రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, చప్పుడు లేకుండా రొప్పుతుంది. నీడ, నీళ్లు దొరికి సాయంత్రమయ్యేసరికి సర్దుకుంటుంది. జబ్బు చేసిన కోడి మెడ పైకి సాచి, ఒక్కో ఊపిరికీ నోరు తెరిచి మూస్తుంది. చల్లటి వేళ కూడా అంతే.

నేను చేసేది ఒకటుంది. రాత్రి తొమ్మిదింటికి లైటు వేయకుండా గూడు దగ్గరికి వెళ్లి రెండు నిమిషాలు చెవి పెట్టి వింటాను. ఆరోగ్యంగా ఉన్న మంద నిద్రలో నిశ్శబ్దంగా ఉంటుంది. గురగుర, చీదడం, కీచుమనడం వినిపిస్తే తెల్లవారాక ఒక్కో కోడినీ పట్టుకుని ముక్కు, కళ్లు చూస్తాను. ముఖం ఒకవైపు వాచి, ముక్కులోంచి చెడు వాసనతో జిగురు కారుతుంటే అది బహుశా జలుబు జాతి బాక్టీరియా జబ్బు. దానికి మందులున్నాయి, పశువుల డాక్టరు రాసిస్తారు.

## కొక్కెర తెగులంటే ఇంత భయమెందుకు?

టీకా పడని మందలోకి దూరితే వంద కోళ్లలో తొంభై దాకా పోవచ్చు కాబట్టి. ఇది వైరస్. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ అనీ, మన దేశంలో కుమావు కొండల్లోని ఊరి పేరుతో రాణిఖేత్ అనీ పిలుస్తారు. రెండు పేర్లూ 1920ల చివర్లో వచ్చినవే.

కోడి మొదట మేత మానేసి ముడుచుకుంటుంది. ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల రెట్ట, నోట్లోంచి తీగలా జొల్లు, మెడ సాచి గురక. గుడ్లు ఒక్కసారిగా తగ్గిపోతాయి, పెట్టినవి కూడా తోలుగుడ్లే. వారానికి బతికి బట్టకట్టిన వాటిలో కొన్నిటికి మెడ మెలిక తిరుగుతుంది, తల వెనక్కి వాలి ఆకాశం చూస్తున్నట్టు నిలబడతాయి, కాళ్లు పడిపోతాయి. ఆ మెడ మెలిక కూడా కనిపించిందంటే కొక్కెర తెగులనే గట్టిగా అనుమానించాలి.

ఒక కోడి నలతపడటం వేరు, మూడు రోజుల్లో మూడు కోళ్లు ఒకే తీరుగా పడటం వేరు. రెండోది చూస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

## మీ ఇంట్లో ఎప్పుడైనా వచ్చిందా?

వచ్చింది. సంక్రాంతి దాటిన వారం, మా బావమరిది సంతలో మంచి డేగ పుంజు దొరికిందని తెచ్చాడు. ఈకలు మెరుస్తున్నాయి, తురాయి ఎర్రగా ఉంది. ఆ సాయంత్రమే మిగతా వాటితో గూట్లో వేశాం. అప్పటికి మా దగ్గర ఇరవై రెండు కోళ్లున్నాయి.

నాలుగో రోజు ఆ పుంజు కూయలేదు. నేను పట్టించుకోలేదు, కొత్తచోటు కదా అనుకున్నాను. ఐదో రోజు దాని కింద ఆకుపచ్చ రెట్ట, ఏడో రోజు చచ్చింది. అమ్మ ‘దిష్టి తగిలింది’ అంది. తొమ్మిదో రోజు పొద్దున తలుపు తీస్తే రెండు పెట్టలు మెట్టు మీదనుంచి దిగలేదు. పన్నెండో రోజుకు గూట్లో నాలుగు కళేబరాలు. పద్దెనిమిదో రోజుకల్లా పుంజుతో కలిపి పదిహేడు పోయాయి.

మిగిలిన ఆరింటిలో ఐదింటికి రెండు నెలల వయసప్పుడు ఊళ్లో జరిగిన క్యాంపులో టీకా వేయించి ఉన్నాను. పెద్ద కోళ్లకు ‘ఇవి గట్టివిలే’ అని వేయించలేదు. ఆరోది మెడ మెలిక పడ్డ ఎర్ర పెట్ట. దానికి నెలన్నర పాటు చేత్తో పట్టుకుని జావ తాగించాం. ఇప్పటికీ నూకలు పొడిచేటప్పుడు ఒక అంగుళం పక్కన పొడుస్తుంది.

ఆ పుంజును మూడు వారాలు విడిగా కట్టేసి ఉంటే, పోయేది అదొక్కటే అయ్యుండేది.

## కొక్కెర తెగులుకు మందు లేదా?

లేదు. వైరస్‌ను చంపే మందు కోళ్లకు లేదు. మెడికల్ షాపులో ఇచ్చే యాంటీబయాటిక్ పొడి, నీరసపడ్డ కోడికి తోడుగా పట్టే బాక్టీరియా మీద పనిచేస్తే చేస్తుంది, అంతకుమించి కాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, పసుపు కొద్దిగా పెడితే పెద్ద నష్టమేమీ లేదు. కానీ వాటిని నమ్ముకుని రెండు రోజులు గడిపేస్తే ఆ రెండు రోజుల్లో తెగులు పక్కింటికి వెళ్లిపోతుంది. కారం ముద్దలు మింగించడం, సారా పోయడం మాత్రం చేయకండి. గురక పెడుతున్న కోడికి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడికక్కడే పోవచ్చు.

నలతపడిన దాన్ని వెంటనే వేరే గంప కింద పెట్టి, ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి మేత వేసి, ఆఖర్న దీని దగ్గరికి వెళ్లండి. దీన్ని ముట్టుకున్న చేతులు, చెప్పులు కడుక్కున్నాకే మళ్లీ మందలోకి అడుగుపెట్టాలి.

## టీకాలు ఎప్పుడు, ఎలా?

కొక్కెర తెగులుకు పెరటి కోళ్లలో ఎక్కువగా వేసేది ఇలా ఉంటుంది. పిల్లకు 5 నుంచి 7 రోజుల మధ్య ఎఫ్-1 లేదా లసోటా, కంట్లో గానీ ముక్కులో గానీ ఒక్క చుక్క. నాలుగు వారాలప్పుడు లసోటా మరోసారి. ఎనిమిది వారాలు దాటాక ఆర్-టు-బి, చర్మం కింద అర మిల్లీలీటరు సూది. ఆర్-టు-బి ఘాటైన టీకా. ఆరు వారాల్లోపు పిల్లలకు వేస్తే అదే జబ్బు చేస్తుంది, తొందరపడకండి. ఆ తర్వాత ఎన్ని నెలలకోసారి మళ్లీ వేయాలన్నది మీ ప్రాంతంలో తెగులు తిరిగే కాలాన్ని బట్టి డాక్టరు చెప్తారు.

కంటి చుక్క వేసేటప్పుడు పిల్లను అరచేతిలో పక్కకు పడుకోబెట్టి, చుక్క వేశాక అది కన్ను ఆర్పేదాకా ఆగాలి. చుక్క పడగానే వదిలేస్తే తల విదిలిస్తుంది, టీకా నేల పాలు.

జబ్బుగా ఉన్నవాటికి టీకా వేయకూడదు. వేసిన రోజునుంచే రక్షణ కూడా రాదు, వారం పది రోజులు పడుతుంది. ‘టీకా వేయించాకే చచ్చాయి’ అని ఊళ్లో అనేమాట వెనుక ఉన్నది చాలాసార్లు ఇదే. తెగులు ఊళ్లోకి వచ్చేశాక పరుగెత్తి వేయిస్తారు, అప్పటికే లోపల వైరస్ ఉన్న కోళ్లు పోతాయి, పేరు టీకా మీద పడుతుంది.

## నా దగ్గర ఎనిమిది కోళ్లే. సీసా వంద డోసులు కదా?

అందరి సమస్యా ఇదే. టీకా సీసా తెరిచి ద్రావణం కలిపాక గంట, రెండు గంటల్లో అయిపోవాలి, రేపటికి దాచుకోవడానికి కుదరదు. మా వీధిలో పదిహేను ఇళ్లు కలిసి ఒక రోజు అనుకుంటాం. ముందురోజు సాయంత్రం అందరూ కోళ్లను గూట్లోనే ఉంచుతారు, తెల్లవారుజామున ఐస్ వేసిన ఫ్లాస్కులో సీసాతో ఇల్లిల్లూ తిరుగుతాం. షాపు నుంచి చొక్కా జేబులో వేసుకుని బండి మీద తెచ్చిన సీసాలో మిగిలేది ఉత్త నీళ్లే. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన సరుకు అది.

## పిల్లల రెట్టలో రక్తం కనిపిస్తోంది. ఏం చేయాలి?

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో రక్త పారుడు అంటే ముందుగా కాక్సీడియా అనుకోవాలి. కంటికి కనిపించని పరాన్నజీవి, పేగు గోడను తినేస్తుంది. పిల్లలు రెక్కలు వాల్చి, ఒకదాన్నొకటి ఆనుకుని, చలేస్తున్నట్టు కూర్చుంటాయి.

ఇది ఎలా వస్తుందో తెలిస్తే ఆపడం సులువు. రెట్టలో పడ్డ దాని గుడ్డు వెంటనే ఏమీ చేయలేదు. వెచ్చగా, తడిగా ఉన్నచోట ఒకటి రెండు రోజులు ఉంటేనే అది ముదిరి, మళ్లీ పిల్ల నోట్లోకి వెళ్లినప్పుడు జబ్బు చేస్తుంది. అంటే రోజూ రెట్ట ఎత్తేసి ఊక పొడిగా ఉంచితే దాని దారి చాలావరకు తెగిపోతుంది. బ్లీచింగ్ చల్లితే పోదు, ఆ గుడ్డు పెంకు అంత గట్టిది. పొడిదనం, ఎండ, సలసల కాగే నీళ్లు, ఇవే దానికి మందు.

ఊక తడి చూడటానికి ఒక గుప్పెడు పిడికిట్లో గట్టిగా పిసికి వదలండి. ముద్దగా నిలబడితే తడి ఎక్కువైంది, పొడిపొడిగా రాలితే సరే. తడి ఎక్కువగా నీళ్ల పాత్ర చుట్టూనే ఉంటుంది. అందుకే పాత్రను రెండు ఇటుకల మీద, పిల్ల వీపు ఎత్తుకు పెట్టాలి.

జబ్బు వచ్చేసిన వాటికి ఆంప్రోలియం అనే పొడి నీళ్లలో కలిపి ఇస్తారు, మోతాదు డాక్టరును అడగండి. ఆ మందు బి1 విటమిన్‌కు అడ్డుపడటం ద్వారానే పనిచేస్తుంది కాబట్టి, ‘నీరసంగా ఉన్నాయి కదా’ అని అదే సమయంలో బి-కాంప్లెక్స్ టానిక్ కలిపితే మందు బలం తగ్గిపోతుంది. టానిక్ కోర్సు అయ్యాక ఇచ్చుకోవచ్చు.

## గూడు ఎలా శుభ్రం చేయాలి?

రోజూ చేయాల్సింది ఐదు నిమిషాల పని: రెట్ట గీకి ఎత్తడం, నీళ్ల పాత్ర లోపల వేలితో రాసి చూడటం. వేలికి జారుడు తగిలితే పీచుతో తోమాలి. నీళ్లు కొత్తవి పోసినంత మాత్రాన ఆ జారుడు పోదు.

నెలకోసారి పెద్ద శుభ్రం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, రెట్ట మీదే బ్లీచింగ్ చల్లేయడం. రెట్ట తగలగానే క్లోరిన్ బలం అక్కడే ఖర్చైపోతుంది. ముందు గీకాలి, తర్వాత సబ్బు నీళ్లతో కడగాలి, ఆరాక లీటరుకు 30 గ్రాముల బ్లీచింగ్ కలిపిన నీళ్లు కొట్టాలి, మళ్లీ ఆరాకే కోళ్లను లోపలికి పంపాలి. గోడలకు సున్నం వేస్తే ఇంకా మంచిది. ఎత్తిన రెట్టను పెరట్లోనే ఒక గుంటలో కుప్పపోసి మూత పెట్టండి, కోళ్లు కెలక్కుండా.

## రాత్రి గూట్లోకి వెళ్లనంటున్నాయి, చెట్టెక్కుతున్నాయి. ఎందుకు?

లైటు తీసుకుని రాత్రి పదింటికి గూటి చెక్కల సందులు చూడండి. కోడి పిడుదులు పగలు ఆ పగుళ్లలో దాక్కుని రాత్రి బయటికొచ్చి రక్తం తాగుతాయి. పగలు కోడి ఒళ్లు వెతికితే దొరకవు, అందుకే చాలామంది ‘మా కోళ్లకేం లేవు’ అంటారు. తురాయి పాలిపోవడం, గుడ్లు తగ్గడం వీటివల్ల కూడా జరుగుతుంది. నెలల తరబడి తిండి లేకుండా బతుకుతాయి కాబట్టి గూడు ఖాళీగా ఉంచితే పోవు. సందుల్లో కాగే నీళ్లు పోసి, ఎండకు పెట్టి, పగుళ్లు సున్నం ముద్దతో పూడ్చాలి. గోమార్లకైతే ఒక మూల పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి పోయండి, కోళ్లే పొర్లి వదిలించుకుంటాయి.

## తురాయి మీద పొక్కులు వచ్చాయి. అమ్మవారా? పిల్లలకు అంటుతుందా?

కోళ్ల మశూచి. మన పిల్లలకు వచ్చే ఆటలమ్మకూ దీనికీ సంబంధం లేదు, మనుషులకు అంటదు. దోమలు మోసుకెళ్తాయి. పొక్కులు ఎండి రెండు నుంచి నాలుగు వారాల్లో రాలిపోతాయి. వాటిని గిల్లి పీకకండి, ఆ పెచ్చుల్లో వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. నోట్లో కూడా పసుపు పొర కనిపిస్తే మాత్రం కష్టమైన రకం, డాక్టరుకు చూపించాలి. ఆరేడు వారాల వయసులో రెక్క పొరలో గుచ్చే టీకా ఉంది.

## కొత్త కోడిని తెస్తే ఎన్నాళ్లు విడిగా ఉంచాలి?

21 రోజులు. కొక్కెర తెగులు వైరస్ ఒంట్లో దూరాక సాధారణంగా ఐదారు రోజుల్లో బయటపడుతుంది, కొన్నిసార్లు రెండు వారాలు కూడా పడుతుంది. ఆపైన కాస్త జాగ్రత్త కలుపుకుంటే మూడు వారాలు. ఇంటి అవతలి వైపు, అక్కడి గాలి మందమీదికి రాని చోట, వేరే పాత్రలతో. పందేలకు తీసుకెళ్లి తిరిగి తెచ్చిన పుంజు కూడా కొత్త కోడి కిందే లెక్క. ఈ మాటంటే పుంజు యజమానులకు కోపం వస్తుంది, అయినా చెప్తాను.

## జబ్బు కోడిని కోసుకుని తినొచ్చా? చచ్చినవాటిని ఏం చేయాలి?

బాగా ఉడికితే వైరస్ చస్తుంది, నిజమే. ప్రమాదం తినడంలో కన్నా కోయడంలో ఉంది. నెత్తురు, ఈకలు, పేగులు పెరట్లో పడేస్తే కాకులు, కుక్కలు ఊరంతా చేరవేస్తాయి. నలతపడిన వాటిని తొందరతొందరగా సంతకు తోలేయడం ఇంకా అన్యాయం, మా ఇంటికి వచ్చింది అలాంటి కోడే.

చచ్చినదాన్ని పంట కాలువలో వేయకండి. బావికి, కాలువకు దూరంగా మూడడుగుల గొయ్యి తీసి, కోడి మీద సున్నం చల్లి, మట్టి కప్పి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్ల కంప వేయండి.

## బర్డ్ ఫ్లూ అని ఎప్పుడు అనుమానించాలి?

లక్షణాలతో కొక్కెర తెగులునీ దీన్నీ విడదీయడం డాక్టరుకు కూడా కుదరదు, ల్యాబు చెప్పాల్సిందే. తురాయి, కాళ్లు నల్లగా కమిలినట్టు మారి, ముఖం వాచి, ఏ లక్షణం కనిపించకముందే ఒక్కరాత్రిలో చాలా కోళ్లు పోతే భయపడాలి. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఇది బయటపడింది. నిర్ధారణ అయితే చుట్టూ కిలోమీటరు లోపు కోళ్లన్నిటినీ, పెరటివి సహా, ప్రభుత్వమే తీసేయించి పరిహారం ఇస్తుంది. ఆ భయంతోనే చాలామంది చెప్పకుండా దాస్తారు.

దాచకండి. ఇది మనుషులకు కూడా సోకగలదు. చచ్చినవాటిని ఒట్టి చేతులతో ముట్టుకోకుండా, పిల్లల్ని అటు పోనివ్వకుండా, గూడు మూసేసి పశువుల ఆసుపత్రికి గానీ 1962 నంబరుకు గానీ ఫోన్ చేయండి. ఎన్ని కోళ్లున్నాయి, మొదటిది ఏ రోజు పడింది, ఈ మూడు వారాల్లో బయటినుంచి ఏ కోడి వచ్చింది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వాళ్లు మొదట అడిగేవి ఇవే.